మాక్ 0.78 అంటే గంటకు ఎన్ని కిలోమీటర్లు?

మా తిరుమలాయపాలెం మీదుగా పోయే విమానాలను చూస్తే తెల్లటి గీత తప్ప ఇంకేమీ కనపడదు. ఇప్పుడు మాత్రం ఫోన్‌లో విమానాలను చూపే యాప్ తెరిస్తే చాలు, పేరు, ఎత్తు, వేగం అన్నీ వచ్చేస్తాయి. మా అక్క కొడుకు పైలట్ లైసెన్స్ పరీక్షలకు చదువుతున్నాడు. నావిగేషన్ పేపర్ అంటే వాడికి గుబులు. మొన్న జులైలో సెలవులకు వచ్చినప్పుడు ఒకే విమానానికి రెండు వేగాలు నా ముందు పెట్టి కూర్చున్నాడు.

"మామా, ఇదేంది? ఏ320 మాక్ 0.78తో పోతదని పుస్తకంలో ఉంది. మాక్ 1 అంటే 1225 కిలోమీటర్లు గదా. లెక్కేస్తే 955 వస్తోంది. యాప్‌లో చూస్తే 420 నాట్లే ఉంది. అంటే 778 కిలోమీటర్లు. ఏది కరెక్టు?"

955కీ 778కీ మధ్య తేడా 177 కిలోమీటర్లు. వెయ్యి కిలోమీటర్ల ప్రయాణానికి మొదటి అంకెతో 63 నిమిషాలు వస్తే, రెండో దానితో 77 నిమిషాలు. ఏ320 గంటకు సుమారు 2,400 కిలోల ఇంధనం తాగుతుంది. ఆ 14 నిమిషాల లెక్క తప్పితే అర టన్నుకు పైగా ఇంధనం తక్కువ పడుతుంది. అందుకే ఈ చిక్కుముడిని ఊరికే వదలబుద్ధి కాలేదు.

మాక్ అంటే కిలోమీటర్ల లాంటి కొలత కాదు, అదొక నిష్పత్తి. విమానం చుట్టూ ఉన్న గాలిలో ధ్వని ఎంత వేగంగా పోతుందో, అందులో ఎన్నో వంతు వేగంతో విమానం పోతోందో చెప్పే అంకె అది. 0.78 అంటే ధ్వని వేగంలో 78 శాతం. మరి పైలట్లు పైకి వెళ్లాక కిలోమీటర్లు వదిలేసి దీన్నే ఎందుకు పట్టుకుంటారు? రెక్క మీదుగా పోయే గాలి విమానం కన్నా వేగంగా పోతుంది. విమానం ధ్వని వేగానికి దగ్గరయ్యే కొద్దీ రెక్క మీది గాలి ముందే ఆ హద్దు దాటి అక్కడ షాక్ తరంగం పుడుతుంది. ఈడ్పు పెరుగుతుంది, విమానం అదురుతుంది. ఏ320 దాటకూడని హద్దు మాక్ 0.82. ఆ హద్దు ధ్వని వేగాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాన్ని చూసుకోవాల్సింది మాక్‌లోనే.

అసలు మెలిక "ధ్వని వేగం" దగ్గరే ఉంది. 1225 అనేది నేల మట్టంలో, 15 డిగ్రీల దగ్గర ఉండే అంకె. పైకి పోతే అది తగ్గుతుంది. "గాలి పలచబడుద్ది కాబట్టి" అన్నాడు వాడు. చాలామంది అలాగే అనుకుంటారు, కానీ కారణం అది కాదు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి, సాంద్రత రెండూ కలిసే తగ్గుతాయి. ధ్వని వేగం మీద వాటి ప్రభావం ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది. మిగిలేది ఉష్ణోగ్రత ఒక్కటే. గాలి చల్లబడితే ధ్వని నెమ్మదిస్తుంది. లెక్క ఇంతే:

ధ్వని వేగం (కి.మీ./గం.) = 72.17 × √(సెల్సియస్ డిగ్రీలు + 273.15)

ప్రపంచమంతా వాడే ప్రామాణిక వాతావరణ పట్టికలో 11 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు. 273.15 కలిపితే 216.65. దాని వర్గమూలం 14.72. అలా ధ్వని వేగం 1062 వస్తుంది. అందులో 0.78 వంతు 829 కిలోమీటర్లు. వాడి 955 ఇక్కడే కుప్పకూలింది.

కానీ పట్టిక వేరు, మన ఆకాశం వేరు. ఆ పట్టికలో గాలి చల్లబడటం 11 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. మనలాంటి ఉష్ణమండల ప్రాంతాల్లో అది 16 కిలోమీటర్ల దాకా సాగుతుంది. మొదలయ్యేదే వేడి నేల మీద కాబట్టి, 11 కిలోమీటర్ల దగ్గర మన గాలి పట్టిక చెప్పినంత చల్లగా ఉండదు. వాతావరణ శాఖ ఎగరేసే బెలూన్లు కొలిచేది ఈ పైగాలినే. ఆ రోజు మేం చూసిన విమానం 37,000 అడుగుల మీద ఉంది. ఆ ఎత్తుకు గాలి మ్యాప్ చూపిన ఉష్ణోగ్రత మైనస్ 46. అంటే ధ్వని వేగం 1088, విమానం వేగం 848. పట్టిక అంకె కన్నా 19 కిలోమీటర్లు ఎక్కువ. గుర్తు పెట్టుకోవడం తేలిక: మాక్ 0.78 దగ్గర ఒక్కో డిగ్రీ తేడాకు దాదాపు 2 కిలోమీటర్లు మారతాయి.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. కాక్‌పిట్ తెర మీద రెండు ఉష్ణోగ్రతలు కనిపిస్తాయి. విమానం ముందుకు దూసుకుపోతుంటే గాలి దాని సెన్సర్‌కు గుద్దుకుని నొక్కుకుపోయి వేడెక్కుతుంది. బయట మైనస్ 46 ఉంటే ఆ సెన్సర్‌కు తగిలేది దాదాపు మైనస్ 18. దాన్ని లెక్కలో వేస్తే 848 బదులు 899 వస్తుంది. లెక్కకు కావాల్సింది కదలని బయటి గాలి ఉష్ణోగ్రతే. మన ఆకాశంలో 37,000 అడుగుల దగ్గర మైనస్ 20 లాంటి అంకె కనపడితే, అది ఆ రెండో ఉష్ణోగ్రత అని అనుమానించాలి.

సరే, 848 అయితే యాప్‌లో 778 ఎందుకు చూపింది? 848 అనేది గాలిలో విమానం వేగం. యాప్ చూపేది నేల మీద దాని నీడ కదిలే వేగం లాంటిది. మధ్యలో గాలే కదులుతుంటే రెండూ ఒకటి కావు. ఆ విమానం తూర్పుకు పోతోంది. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద అంత ఎత్తున గాలి తూర్పు నుంచి పడమరకు బలంగా వీస్తుంది. కింద నైరుతి గాలి మేఘాలను తోసుకొస్తుంటే పైన దానికి ఎదురు నడక. ఈ తూర్పు జెట్ గాలిని గుర్తించి 1958లో వివరంగా రాసిన శాస్త్రవేత్త మన పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు.

ఆ రోజు ఎదురుగాలి 70 కిలోమీటర్లు. 848లోంచి 70 తీసేస్తే 778. యాప్ కూడా నిజమే చెప్పింది.

"అయితే అదే విమానం అటు నుంచి వస్తే?" అన్నాడు. అదే గాలి, అదే ఉష్ణోగ్రత ఉంటే 848కి 70 కలిపి 918. పైలట్ వేగం పెంచింది ఏమీ ఉండదు, కాక్‌పిట్‌లో అప్పుడూ మాక్ 0.78 అనే ఉంటుంది. ఇక రెక్కకు మాత్రం తన చుట్టూ పారే గాలి తప్ప నేల సంగతి తెలియదు.

వాడు నోట్‌బుక్‌లో 955ని కొట్టేసి, పక్కనే మూడు మాటలు వరసగా రాసుకున్నాడు: మాక్, ఉష్ణోగ్రత, గాలి. ఆ వరస మారకపోతే లెక్క తప్పదు. మాక్‌ను ఉష్ణోగ్రతతో కలిపితే గాలిలో వేగం వస్తుంది, దానికి గాలిని కలిపితేనో తీసేస్తేనో నేల మీది వేగం వస్తుంది. ఇంధనం లెక్క వేయాల్సింది ఆ చివరి అంకెతోనే.