ఉడుకనుకుంటే కిడ్నీ దాకా

మా ఓబులదేవరచెరువులో ఒంటికి పోస్తే మంట అంటే చాలు, "ఉడుకు చేసింటుంది, సబ్జా నీళ్లు తాగు" అంటారు. ఎండకు మూత్రం చిక్కబడి మంట పుడితే, నీళ్లు తాగాక ఒక పూటలో తగ్గిపోతుంది. వెళ్లొచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ వచ్చినట్టుండి, వెళ్తే నాలుగు చుక్కలే పడుతుంటే మాత్రం ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. ఎక్కువగా పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా మూత్రాశయంలోకి ఎక్కడం వల్ల వస్తుంది. ఆడవాళ్లకు ఆ దారి నాలుగు సెంటీమీటర్లే. వాచిన మూత్రాశయం కొంచెం నిండినా ఆగదు.

పోయిన వేసవిలో మా అక్క బెంగళూరు నుంచి బస్సులో వచ్చింది. దారిలో బాత్రూములు బాగుండవని నీళ్లే తాగలేదు (మా ఇంట్లో ఆడవాళ్లందరిదీ ఇదే లెక్క). రెండు రోజులు మంట. మూడో రాత్రి దుప్పటి కప్పినా ఆగని వణుకు, 102 జ్వరం, వాంతి, పక్కటెముకల కింద వీపులో ఒకవైపు నొప్పి. మూత్రాశయం వరకే ఉంటే మామూలుగా ఇంత జ్వరం రాదు. ఇవన్నీ కిడ్నీకి ఎక్కిందనడానికి గుర్తులు.

తెల్లారకముందే కదిరికి తీసుకెళ్లాం. అమ్మ ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర ఇవ్వబోతే అక్కే వద్దంది, అది మంచిదైంది. డాక్టర్ ముందు మూత్రం కల్చర్‌కు తీసుకున్నారు, మొదటి ధార వదిలేసి మధ్యలోది. మందు ముందే పడితే క్రిమి ల్యాబులో పెరగకపోవచ్చు, ఏ మందుకు లొంగుతుందో తెలియదు. రిపోర్టు రావడానికి రెండు రోజులు, అందాక ఆగకుండా సూదిమందు మొదలుపెట్టారు.

గర్భిణులు, చిన్నపిల్లలు, మగవాళ్లయితే జ్వరం వచ్చేదాకా కూడా చూడొద్దని, మంట ఉన్నప్పుడే రమ్మని ఆయన చెప్పారు.