హోసన్న: పాహి అందామా, జయ అందామా?

ఈస్టరుకు ముందువచ్చే మట్టల ఆదివారంనాడు మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చర్చీలలో పిల్లలూ పెద్దలూ మట్టలు చేతబూని "హోసన్న" అని పాడుతూ ఊరేగుతారు. ఆ మాటకు అర్థమేమని అడిగితే ఎక్కువమంది "జయం" అంటారు, కొందరు "స్తోత్రం" అంటారు. హీబ్రూ వ్యాకరణం చెప్పేది వేరు.

118వ కీర్తన 25వ వచనంలో "హోషీఆ నా" అన్న రెండు పదాలున్నాయి. యోద్, షీన్, ఐన్ అనే మూడు హల్లుల ధాతువుకు రక్షించుట అని అర్థం. "హోషీఆ" దాని ప్రార్థనార్థక మధ్యమ పురుషైకవచనం. "నా" మన తెలుగు "నా" కాదు సుమా! బతిమాలుటను తెలిపే అవ్యయం. వెరసి "రక్షించవయ్యా" అని మొర. సంస్కృతంలో "పాహి" సరిగ్గా ఇదే. యేసు హీబ్రూ నామమైన "యేషూఅ" కూడా ఈ ధాతువునుంచి పుట్టినదే.

మరి మొర జయధ్వానం ఎట్లయింది? యెరూషలేము దేవాలయం నిలిచి ఉన్న రోజులలో, పర్ణశాలల పండుగకు బలిపీఠం చుట్టూ తిరుగుతూ ఈ వచనాన్ని పలికేవారు. మొదటి ఆరు దినాలూ ఒక్కొక్క ప్రదక్షిణం, ఏడవనాడు ఏడు. ఏటేటా పండుగ సంతోషంలో పలికిన మొర క్రమంగా కేకగా మారింది. చేతిలోని కొమ్మలకే "హోషనా" అని పేరు వచ్చేసింది. గ్రీకులో "ష"కారమూ లేదు, గొంతులోతున పలికే "ఐన్" కూడా లేదు. అందుచేత సువార్తలలో అది "హోసన్న" అయింది.

అర్థం మారిందని వాక్యమే పట్టిస్తుంది. మత్తయి 21వ అధ్యాయంలో జనులు "దావీదు కుమారునికి హోసన్న" అంటారు. హీబ్రూలో ఈ ధాతువు చతుర్థితో అన్వయించడం కద్దు కనుక ఇదొక్కటే చాలదు. కాని ఆ వెంటనే "ఉన్నత స్థలాలలో హోసన్న" అంటారే, అక్కడ "రక్షించు" అంటే అన్వయం కుదరదు.

1805లో లండన్ మిషనరీ సొసైటీవారైన క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను తెలుగుచేయ పూనుకొన్నారు. విజయనగరం నాడు విశాఖ జిల్లాలోనిదే. ఇప్పుడు వాడుకలోనున్న తెలుగు బైబిలు కీర్తనలో రక్షించుమని వేడుకొంటుంది, మత్తయిలో "జయము" అంటుంది. మూలపదం పోయిందని నొచ్చుకొనేవారున్నారు. నాకు మాత్రం ఈ ఎంపిక నచ్చింది. "జయ" కూడా మొదట "జి" ధాతువు లోట్ రూపమే, "జయించుము" అని. అదీ వాడుకలో కేకగా మారినదే. పోయినదల్లా "యేషూఅ" పేరుతో హోసన్నకున్న చుట్టరికం.

"హల్లెలూయ" విషయంలో తెలుగుకు అదృష్టం ఎక్కువ. "హల్లెలూ" బహువచన విధి, "యా" దైవనామానికి సంక్షేపం. మన "స్తుతించుడి"లోని "డి" ఆ బహువచనాన్ని చక్కగా పట్టుకొంది. ఇంగ్లీషుకు ఆ వీలు లేదు.

"ఆమేన్"ను "తథాస్తు" అనడం మాత్రం నాకు సమ్మతం కాదు. తథాస్తు వరమిచ్చేవారి మాట. ఆమేన్ విన్నవారి మాట. దాని ధాతువుకు స్థిరంగా ఉండడమని అర్థం. యేసు మాత్రం వాక్యం మొదటనే ఆమేన్ అంటాడు. తెలుగువారు అక్కడ "నిశ్చయముగా" అని వ్రాసి, ప్రార్థన చివరిదానిని ఆమేన్‌గానే ఉంచేశారు.