మూడు టన్నుల బెల్లం ఆర్డరు – ఒప్పుకోవాలా వద్దా అని నాలుగు రాత్రులు

అనకాపల్లి వైపు బెల్లం వండే మా లాంటోళ్ళకి పోయిన సంక్రాంతి ముందు వచ్చిన ఒక బేరం గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పట్నం నుంచి ఒక షాపాయన వచ్చాడు. మందు కలపని బెల్లం 3 టన్నులు కావాలి, 20 రోజుల్లో ఇవ్వాలి, కిలో 68 రూపాయలు అన్నాడు. నా దగ్గరికి ఏటా వచ్చే ఖాతాదారులకి కళ్ళంలోనే 90కి ఇస్తున్నాను. 22 తక్కువైనా ఒకేసారి 2,04,000 రూపాయలు. సొసైటీ అప్పు కట్టాల్సిన నెల అది. మా పెద్దోడు వెంటనే "ఒప్పేసుకో నాన్నా" అన్నాడు. నాకూ నోరూరింది.

రాత్రి మా ఆవిడ నోటుబుక్కు తీసింది. "ముందు మన పెనం ఎంత వండగలదో చెప్పండి" అంది.

మాది ఒకటే పెనం. ఒక పెనానికి 700 కిలోల చెరుకు పడుతుంది, 70 కిలోల బెల్లం దిగుతుంది. పాకం వచ్చేసరికి మూడు గంటలు. పగటిపూట మూడు పెనాలు, అంటే 210 కిలోలు. 20 రోజుల్లో కూలోళ్ళ సంత రోజులు, గానుగ రిపేరు తీసేస్తే 16 రోజులు పని. మొత్తం 3,360 కిలోలు. అందులో పాత ఖాతాదారులకి 1,200 పక్కన పెట్టాలి. మిగిలేది 2,160. ఆయన అడిగింది 3,000. లోటు 840 కిలోలు, అంటే 12 పెనాలు రాత్రిపూట వండాలి.

ఇక్కడే అసలు లెక్క ఉంది. పగలు వండితే కిలోకి చెరుకు ఖరీదు 33, నరుకుడూ మోతా 9, గానుగ, పొయ్యి కూలీ 10, మొత్తం 52 పడుతుంది. 68కి అమ్మితే 16 మిగులుతుంది. రాత్రి కూలీ ఎక్కువ. పైగా పిప్పి రెండు మూడు రోజులు ఎండితే గాని మండదు. మార్గశిరం మంచులో 12 పెనాలకి అదనంగా ఎండు పిప్పి ఎక్కడిది? కట్టెలు కొనాలి. రాత్రి కిలోకి 64 పడుతుంది. మిగిలేది 4 రూపాయలే.

మూడు టన్నుల మీద 48,000 మిగులుతుందని నేను మనసులో లెక్కేసుకున్నాను. మా ఆవిడ లెక్కలో పగటి సరుకు మీద 34,560, రాత్రి సరుకు మీద 3,360. పన్నెండు రాత్రుల నిద్రకి వచ్చేది ఆ 3,360 అన్నమాట.

అదీ అన్నీ బాగుంటేనే. పచ్చి పిప్పి వేస్తే మంట పడిపోతుంది, రసం ఎక్కువసేపు ఉడికి నల్లబడుతుంది. పాకం నీళ్ళలో వేస్తే ముద్ద కట్టదు, అచ్చులో పోసినా మెత్తగా ఉండిపోతుంది. అలాంటి పెనాన్ని పశువుల దాణాకి 35కి అమ్ముకోవాల్సిందే. ఒక్క పెనం చెడితే 2,030 నష్టం. రెండు చెడితే మిగతా పది పెనాల లాభం పోయి, చేతి డబ్బు పడుతుంది.

షాపాయనకి ఫోన్ చేసి ఈ మాట చెబితే, "తక్కువైంది బయట కొని కలిపేయండి, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. బయట దొరికే పసుప్పచ్చ బెల్లంలో హైడ్రోస్ ఉంటుందో లేదో మనకి తెలియదు. నన్ను నమ్మి 90 ఇచ్చేవాళ్ళు ఈ ఊళ్ళోనే తిరుగుతారు. డబ్బు కూడా సరుకు దిగిన నెలకి ఇస్తానన్నాడు. కూలోళ్ళకి మాత్రం నేను వారం వారం ఇవ్వాలి.

అప్పుడు చెప్పాను: "2,000 కిలోలు ఇస్తాను, కిలో 72, సగం ముందు, రెండు దఫాలుగా దించుతాను." ఆయన "అంతా కావాలి, లేకపోతే వద్దు" అని పెట్టేశాడు. పెద్దోడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ నిద్రపోలేదు, అప్పు వాయిదా కళ్ళముందు కనబడేది.

నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు. 1,500 కిలోలు, 70 రూపాయలు, 40,000 అడ్వాన్సు. ఒప్పుకున్నాను. మిగిలింది 27,000. అనుకున్న 37,920 కంటే తక్కువే. కానీ ఆ నెలలో రెండు రోజులు ముసురు పట్టి పొయ్యి వెలగలేదు, 420 కిలోలు పోయాయి. 660 కిలోల వెసులుబాటు ఉంది కాబట్టి ఎవరికీ లోటు రాలేదు. మూడు టన్నులు ఒప్పుకుని ఉంటే ఆ ముసురుకి పాత ఖాతాదారుల బెల్లమే ఆయనకి పోసేవాణ్ణి.

అప్పు వాయిదాకి ఇంకా కొంత తగ్గింది, ఒక దూడని అమ్మాను. అది బాధే.

అందుకే అంటున్నాను, పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు మొత్తం సొమ్ము చూడకండి. మీ శక్తి దాటాక చేసే ఆఖరి బస్తాకి ఎంత ఖర్చవుతుందో చూడండి. తగ్గింపు ధర దానికి సరిపోతుందా అని అడగండి. మీ దగ్గర ఇలాంటి బేరం వస్తే ఏం చేశారో కింద రాయండి.