కవరింగ్ లెటరూ, 71 పల్టీలూ

మా ఊరు ఏర్పేడు. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో వస్తుంది. ఊరి పక్కన ఐఐటీ క్యాంపస్ వచ్చినాక, మావాళ్ళెవరైనా ఇంజినీరింగ్ అంటే చాలు, "ఐఐటీనా?" అని అడుగుతున్నారు. మా అక్క కొడుకు చదివేది ఐఐటీ కాదు, దగ్గర్లోని ఓ మామూలు కాలేజీ. అంటే వాడి అప్లికేషన్లో కాలేజీ పేరు చూసి ఆగేవాళ్ళు ఉండరన్నమాట. ఆపితే లెటరే ఆపాలి.

ఫర్మ్‌వేర్ ఇంటర్న్‌షిప్ కోసం రాసిన లెటర్ మొన్న డిసెంబర్లో నాకు పంపాడు. ఇట్లాంటివి చదివే పని ఆఫీసులో నాకూ పడుతుంటుంది. మొదటి పేరా అంతా చిన్నప్పటి నుంచి ఎలక్ట్రానిక్స్ అంటే ప్రాణం, త్వరగా నేర్చుకుంటాను వగైరా. రెండో పేరాలో అసలు సరుకుంది: మిద్దె మీద సొంతంగా కట్టిన వెదర్ స్టేషన్. ఈఎస్‌పీ32 బోర్డు, ఉష్ణోగ్రతకూ తేమకూ ఓ సెన్సారు, వానకి టిప్పింగ్ బకెట్. "వర్షపాతాన్ని ఖచ్చితంగా కొలుస్తుంది" అని రాసి, నవంబరు గ్రాఫ్ కూడా జత చేశాడు.

ఫోన్ చేసి ఒకటే అడిగాను. "ఖచ్చితంగా అని ఎట్లా తెలుసురా?"

"గ్రాఫ్ బాగా వచ్చింది కదా మామా!"

టిప్పింగ్ బకెట్ అంటే తెలియనివాళ్ళకి: గరాటు కింద చిన్న సీసా లాంటి రెండు గిన్నెలు. ఒకటి నిండగానే అటు పల్టీ కొడుతుంది, రెండోది గరాటు కిందికొస్తుంది. పల్టీ కొట్టినప్పుడల్లా అయస్కాంతం రీడ్ స్విచ్ పక్కగా పోతుంది, స్విచ్ ఒకసారి మూసుకుని తెరుచుకుంటుంది. వాడి గిన్నెకు 2.2 మిల్లీలీటర్లు పడితే పల్టీ. గరాటు వ్యాసం 10 సెంటీమీటర్లు కాబట్టి, ఒక పల్టీ అంటే 0.28 మిల్లీమీటర్ల వాన.

సరే, 100 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి, అరగంట సేపు చుక్కలుగా పొయ్యమన్నాను. 45 పల్టీలు రావాలి. వాడికొచ్చింది 71. మళ్ళీ పోస్తే 66, ఇంకోసారి 74.

ఇక్కడే అసలు క్లూ ఉంది. గిన్నె కొలత తప్పయితే ప్రతిసారీ ఒకే తప్పు రావాలి. పూటకో లెక్క వస్తోందంటే గిన్నెను కాదు, లెక్కపెట్టేవాణ్ణి అనుమానించాలి. ప్రతి ఇంటరప్ట్‌కీ టైము ప్రింట్ చెయ్యమన్నాను. అసలు పల్టీకీ పల్టీకీ మధ్య 40 సెకన్లుంటే, వాటి పక్కనే 2, 3 మిల్లీసెకన్ల తేడాతో దొంగ లెక్కలు. ఇంకొన్ని 30, 40 మిల్లీసెకన్ల తర్వాత. స్విచ్‌లోని రేకులు తగిలేటప్పుడూ ఎగురుతాయి, విడిపోయేటప్పుడూ ఎగురుతాయి కదా, అవే ఇవి. మావాడు 10 మిల్లీసెకన్లు పెడదామన్నాడు. అది మొదటి రకాన్నే ఆపుతుంది. చివరికి ఇలా తేలింది:

```c
volatile uint32_t tips, last;
void IRAM_ATTR onTip() {
  uint32_t now = millis();
  if (now - last < 100) return;
  last = now;
  tips++;
}
```

గిన్నె ఒక పల్టీ పూర్తి చెయ్యడానికే అర సెకను పడుతుంది. కాబట్టి 100 మిల్లీసెకన్ల లోపల వచ్చిన రెండోది నిజం పల్టీ అయ్యే అవకాశమే లేదు. ఎంత తుఫాను వానలోనైనా మనం పోగొట్టుకునేదేమీ ఉండదు.

మార్చాక అరగంటలో పోస్తే 45. అవే నీళ్ళు 8 నిమిషాల్లో, అంటే గంటకి 95 మిల్లీమీటర్ల లెక్కన కుమ్మరిస్తే 43. ఈ తగ్గుదల కోడ్ తప్పు కాదు. గిన్నె తిరుగుతున్న ఆ అర సెకనులో పడే నీళ్ళు కూడా నిండిన గిన్నెలోకే పోతాయి, వాటికి లెక్కుండదు. టిప్పింగ్ బకెట్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది.

మరి నవంబరు గ్రాఫ్? మిగిల్చుకుందామని చూశాడు. "ఒకటిన్నరతో భాగిస్తే సరిపోదా మామా?" సరిపోదు. ఎగురుడు ఒక్కోసారి ఒక్కో రకం. పల్టీల టైములు దాచుకోలేదు, రోజు మొత్తాలే ఉన్నాయి. నెల కష్టం నీళ్ళపాలు. పాపం, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇది లెటర్లో రాస్తే నన్ను తీసుకుంటారా? తప్పు చేసినోడినని నేనే చెప్పుకున్నట్లు కదా."

తీసుకుంటారని హామీ ఇవ్వలేను కదా! నేనైతే దానికోసమే చదువుతానని మాత్రం చెప్పాను. ఆ రాత్రి మొదటి పేరా మొత్తం కొట్టేసి, ఇట్లా మొదలుపెట్టాడు (రాసింది ఇంగ్లీషులో, తాత్పర్యం నాది):

"నేను కట్టిన వర్షమాపకం నెల రోజులు తప్పు చూపింది. 100 మిల్లీలీటర్లు పోస్తే 45 బదులు 71 లెక్కపెట్టింది. కారణం స్విచ్ బౌన్స్. ఇంటరప్ట్‌ల మధ్య టైము కొలిచి 100 మిల్లీసెకన్ల హద్దు పెట్టాను. ఇప్పుడు మామూలు వానలో 45 వస్తోంది, కుండపోతలో రెండు తక్కువ చూపుతుంది. పాత డేటా వాడడం లేదు."

"ఖచ్చితంగా" అన్న మాట ఎక్కడా లేదు. గ్రాఫ్ కూడా లేదు.

పోయిన వారం ఫోన్ ఇంటర్వ్యూకి పిలిచారు. మొదటి ప్రశ్న, "100 ఎందుకు, 10 ఎందుకు కాదు?" ఇరవై నిమిషాలు దాని మీదే నడిచిందట. ఫలితం ఇంకా రాలేదు. మావాడు మాత్రం ఈసారి పల్టీల టైములన్నీ కార్డులో దాస్తున్నాడు.