ఫాల్ కుట్టి, జాకెట్టు దాకా

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్ నిజాంపేటలో మ్యాచింగ్ సెంటర్ల ముందు నిలబడే చోటుండదు. తగ్గింపు ధరలకు కొన్న చీరలన్నీ శ్రావణానికి కట్టుకునేలా తయారవ్వాలి. మేం వెతుక్కుంటూ వెళ్లిన ఇల్లు ఆ సందడికి రెండు వీధుల వెనక, ఓ భవనంలో కింది పోర్షన్. భర్త ఉద్యోగం మారడంతో అమలాపురం నుంచి వచ్చిన ఆవిడ ముందుగదిలోనే కుట్టుమిషను, పీకో మిషను పెట్టుకున్నారు. పేరు మాత్రం రాయొద్దన్నారు. ఊళ్లో ఆమె చేతి జాకెట్టు వేసుకోని ఇల్లు వాళ్ల వీధిలో లేదట. ఇక్కడ పక్కవాటా వాళ్లకు కూడా ఆమె ఎవరో తెలియదు.

కొత్తలో గేటుకు ‘జాకెట్లు కుట్టబడును’ అని కాగితం అంటించారు. ఎవరూ రాలేదు.

“పట్టుచీరతో వచ్చే జాకెట్టు ముక్క ఒక్కటే కదండీ. పాడైతే బజార్లో మళ్లీ దొరకదు. ముక్కూమొహం తెలియని దాని చేతిలో ఎవరు పెడతారు?” అన్నారామె. అందుకే కాగితం మార్చి, ‘ఫాల్, పీకో’ అని మాత్రమే రాశారు. సగం ధరకి జాకెట్టు కుడతామని రాసి ఉండొచ్చు. కానీ ఇక్కడ జనం భయం కూలి గురించి కాదు, గుడ్డ గురించి. ఫాల్ బాగా లేకపోతే విప్పేయొచ్చు, చీరకు నష్టం లేదు.

ఇంత చిన్న పనిలోనూ పనితనం బయటపడుతుంది. ఫాల్ అంటే 5 అంగుళాల వెడల్పు, రెండున్నర మీటర్ల పైచిలుకు పొడవున్న నూలు పట్టీ. నీళ్లు తగిలితే ముడుచుకుంటుంది. తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే చీర అంచు ముడతలు పడుతుంది. ఆ సంగతి ఇచ్చినరోజు కనపడదు, ఉతికాక కనపడుతుంది. అప్పుడు చీర ఇచ్చిన మనిషి తగాదాకు కూడా రాదు, మరో టైలర్ని వెతుక్కుంటుంది. ఆమె ఫాల్‌ని రాత్రే నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే సూది పడతారు. కింది అంచు మిషను మీద, పై అంచు చేత్తో. ఒకటి రెండు పోగులే అందుకుంటూ వేసే ఆ కుట్టు చీర ముందువైపు కనపడకూడదు.

మూడో అంతస్తులో ఉండే టీచరమ్మ మొదట ఒక నూలుచీర ఇచ్చారు. తర్వాత, బిగుతైన పాత జాకెట్టు తెచ్చి వదులు చేయమన్నారు. లోపలికి తిప్పి చూస్తే పక్కకుట్ల దగ్గర వదిలిన గుడ్డే లేదు. “ఇది వదులవ్వదండీ, లాగి కుడితే చంక దగ్గర చిరుగుతుంది” అని తిరిగి ఇచ్చేశారు. మూడోసారి వచ్చింది పట్టుచీరే, అదీ ఫాల్‌కే.

అసలు కిటుకు ఇక్కడుంది. చాలా చీరల్లో జాకెట్టు గుడ్డ చీరతోపాటే నేసి ఉంటుంది. పీకో వేయాలంటే ముందు దాన్ని కత్తిరించాల్సిందే. ఆమె టీచరమ్మ ఎదుటే టేపు పెట్టి, అంచు ఎక్కడ మారుతుందో చూపించి, సుద్దతో గీత గీసి, సరేనన్నాకే కత్తెర ఆడించారు. విడిపోయిన ముక్క బల్ల మీదే ఉంది. “ఇదీ మీరే కుట్టేస్తారా?” అని అడిగింది టీచరమ్మే.

ఆది జాకెట్టు ఇస్తే సరిపోతుందనుకోవడం పొరపాటంటారు ఈవిడ. అది ఏళ్లనాటిది కావచ్చు, సాగి ఉండొచ్చు. వేసుకుని చూపించమని అడిగి, భుజం జారుతోందా, చంక దగ్గర ముడత పడుతోందా చూస్తారు. లైనింగు కూడా తడిపాకే కత్తిరిస్తారు. పక్కలకు ఎక్కువ గుడ్డ వదులుతారు.

తీరిక వేళల్లో మ్యాచింగ్ సెంటరుకు కూడా ఫాల్స్ కుట్టిచ్చారు. చేతికి నాలుగు రాళ్లు వచ్చాయి గానీ, ఆ చీరలు ఎవరివో తెలిసేది కాదు. కవర్లో ఫోన్ నంబరు పెట్టమని ఎవరో సలహా ఇచ్చారట. “ఆయన షాపుకొచ్చిన వాళ్లు ఆయన మనుషులండీ” అని ఊరుకున్నారు. ఆ మర్యాద మాటెలా ఉన్నా, ఆదాయం చూస్తే అక్కడి కూలి బయట ధరలో సగం కూడా లేదు.

సొంత గిరాకీ వేరే దారిన వచ్చింది. వాచ్‌మన్ భార్య నాలుగు ఫ్లాట్లలో పని చేస్తుంది. ఆమెకు దారం, లైనింగు ఖర్చు మాత్రం తీసుకుని జాకెట్టు కుట్టారు. అది వేసుకుని ఆమె వెళ్లిన ఇళ్లలో రెండింటి నుంచి చీరలు వచ్చాయి.

మగ్గం వర్క్ ఈమె చేయరు. అడిగినవాళ్లకు తెలిసిన చోటు చెబుతారు. కిందటేడు వరలక్ష్మీవ్రతానికి మొహమాటపడి వచ్చిన జాకెట్లన్నీ ఒప్పుకుంటే, ముగ్గురికి పూజ అయ్యాకగానీ అందలేదు. అందులో ఒకరు మళ్లీ రాలేదు. ఈసారి వ్రతానికి పది రోజుల ముందే జాకెట్లు తీసుకోవడం ఆపేస్తున్నారు. ఫాల్స్ మాత్రం ముందురోజు దాకా తీసుకుంటారట.