పాట నేర్పిన మాట



2022లో మా సంఘానికి ఒక కొత్త కోడలు వచ్చింది. పుట్టిల్లు కోరాపుట్ జిల్లాలో లోపలి ఊరు, మాతృభాష ఒడియా. మా ఊరి తాపీమేస్త్రి అక్కడ పనికి వెళ్లి, అక్కడి సంఘంలోనే ఆ పిల్లను చూసి వివాహం చేసుకున్నాడు. అతనికి ఒడియా వచ్చు గనుక ఇద్దరికీ ఇబ్బంది లేదు. అత్తగారికి మాత్రం ఒక్క ముక్క రాదు. పగలంతా ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే.

ఆమెకు తెలుగు ఎలా వస్తుందని అత్తగారు మమ్మును అడిగింది. మేము ఎక్కువ ఆలోచించకుండానే జవాబు చెప్పాము: “ఆరాధనకు తీసుకురండి, స్త్రీల కూటానికి తీసుకురండి. పాటలు పాడనివ్వండి. పాటల్లోనే భాష అంతా ఉంది.” ఈ మాటలో సగం నిజమైంది. మిగతా సగం ఒక పసిబిడ్డ మీదికి వచ్చింది. ఆ రెండు సగాల సంగతే ఈ నెల వ్రాస్తున్నాము.

ముందు నిజమైన సగం చెబుతాము. ఒడియా మాట్లాడేవారి నోట హ్రస్వానికి, దీర్ఘానికి మనకున్నంత తేడా ఉండదు. వారికి ఆ తేడా వల్ల అర్థం మారదు. మనకు మారుతుంది. మొదటి నెలలో ఆమె స్త్రీల కూటంలో లేచి నిలబడి, పాడతాను అనబోయి “నేను పడతాను” అన్నది. మేడ అని చెప్పబోతే మెడ అయ్యేది. అత్తగారు వంద సార్లు దిద్దినా ఆ తేడా ఆమె చెవికి అందలేదు.

పాటలో అందింది. మా డోలక్ వాయించే సహోదరుడు చదువుకున్నవాడు కాడు గాని, ఉపాయం అతనిదే. ఆమెను పక్కన కూర్చోబెట్టి, పొట్టి అక్షరానికి ఒక దెబ్బ, పొడుగు అక్షరానికి రెండు దెబ్బలు వేసి చూపించాడు. మన కవులు లఘువు, గురువు అన్నది అదే. ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరానికి కూడా రెండు దెబ్బలే. గుడి అంటే ఒకటీ ఒకటీ, గుడ్డి అంటే రెండూ ఒకటీ. పాటలో పొడుగు అక్షరాన్ని పొట్టిగా పలికితే తాళం తప్పుతుంది, పక్కవారంతా ముందుకు పోతారు, తాను వెనుక పడిపోతుంది. దిద్దేవారు ఎవరూ అక్కరలేదు, తాళమే దిద్దుతుంది. మూడు నెలలు తిరిగేసరికి ఆమె పలుకులో పరాయి యాస చాలా వరకు పోయింది. కళ్లు మూసుకొని వింటే మా ఊరి ఆడపడుచే.

రెండవ లాభం, కట్టిన మాటలు. కృతజ్ఞత చెప్పడానికి, క్షమాపణ అడగడానికి, దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చుని పలకడానికి పాటల్లో మాటలు తయారుగా ఉంటాయి. విడువక, తోడుగా, భయపడకు, కరుణించు వంటివి విడి మాటలుగా కాక గుత్తులుగా ఆమెకు పట్టుబడ్డాయి. మా ఊరిలో ఒక తల్లి చనిపోతే ఈమె వెళ్లి ఆ కూతురి చెయ్యి పట్టుకొని, ఎక్కడా తడబడకుండా రెండు నిమిషాలు ప్రార్థించింది. వీధిలోకి వచ్చిన బండి దగ్గర ఉల్లిపాయలు కొనడం రాకముందే ఆమెకు ప్రార్థన చేయడం వచ్చింది. మా మాట నెగ్గిందని మేము లోలోపల మురిసిపోయాము.

అయితే ఇంట్లో వేరే కథ నడుస్తున్నది. ఒకనాడు అత్తగారు నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో వచ్చింది. కోడలు ఆమెతో “పోయుము నీళ్లు, నాదు అత్తా” అన్నదట. “ఓలమ్మో, నన్నేటి దేవుణ్ణి సేసేసింది!” అన్నది ఆ పెద్దావిడ. మాతోనూ అంతే. గుమ్మంలో మమ్మును చూసి చేతులు జోడించి, ఎంతో వినయంగా, “అయ్యగారూ, నీవు లోనికి రమ్ము” అనేది. ఆమె తప్పు ఏమున్నది? మనం దేవుణ్ణి ఏకవచనంలోనే పిలుస్తాము. పాటల పుస్తకం మొదటి పుట నుండి చివరి పుట దాకా నీవు, నీకు, నీదు అనే ఉంటుంది. అందరికంటె గొప్పవానికి వాడిన మాట అందరికంటె గౌరవమైనదని ఆమె అనుకున్నది. ఒక్కరినే మర్యాదగా మీరు, రండి అనడం పాటలో ఎక్కడ వినాలి?

అదే విధంగా, పాటల్లో దేవుణ్ణి పిలవడమే ఎక్కువ గనుక ఆమెకు దేవా, ప్రభువా అనే పిలుపులే తెలుసు. దేవుని మందిరం అనడానికి “దేవా మందిరం” అనేది. దేవుడు, దేవుని, దేవునికి అని మాట చివర మారుతుందని పాట ఆమెకు సరిగా చూపించలేదు. చూపించినచోట కూడా తాళం కోసం విభక్తిని మింగేసింది. నేను అన్నది నే అయింది, నన్ను అన్నది నను అయింది. ప్రాస కోసం క్రియ ముందుకు దూకింది. మనకు తెలుగు ముందే తెలుసు గనుక పాటలోని ఈ సర్దుబాట్లు మనకు అడ్డు రావు. మన మనస్సు వాటిని వెంటనే తిరిగి సరిచేసుకుంటుంది. కొత్తగా వచ్చినవారికి పాటే కొలబద్ద. నిజానికి ఒడియాలో కూడా క్రియ వాక్యం చివరనే ఉంటుంది. సొంత భాష ప్రకారం మాట్లాడి ఉంటే ఆమె వాక్యం మన వాక్యం లాగే కుదిరేది. పాటే ఆమెను తిరగేసింది.

ఇంకొక చిక్కు ఉన్నది. ఒడియాలో అతను వచ్చినా ఆమె వచ్చినా క్రియ ఒక్కటే. మన వాడుకలో వచ్చాడు, వచ్చింది అని వేరు. పాటల్లో ఉండేది పాత రూపం, వచ్చెను. అది మగవానికీ చెల్లుతుంది, ఆడదానికీ చెల్లుతుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల కాలపు భాష మన కీర్తనల్లో నేటికీ నిలిచి ఉన్నది గదా. కాబట్టి ఆమెకు ఎక్కువ అవసరమైన తేడాను పాట ఆమె కంట పడనీయలేదు.

ఇవన్నీ చూచి నవ్వుకున్నామే గాని మేము మేలుకోలేదు. బిడ్డ జ్వరం మమ్మును మేలుకొలిపింది.

అప్పటికి బిడ్డకు పదినెలలు. భర్త దూరాన పనిలో ఉన్నాడు, అత్తగారు పొలంలో ఉన్నది. ఈమె బిడ్డను ఎత్తుకొని మా ఇంటికి పరుగున వచ్చింది. మేము మోటారుసైకిలు మీద ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకువెళ్లాము. నర్సమ్మ బిడ్డ ఒళ్లు చూచి, “జ్వరం మందు ఏమైనా వేశారా?” అని అడిగింది. ఈమె వెంటనే, స్పష్టంగా, చక్కని ఉచ్చారణతో, “నేడు ఇమ్ము, మందు ఇమ్ము” అన్నది.

ఆ మాటకు ఎవరికైనా ఒకటే అర్థం. ఇంకా వేయలేదు, ఈ రోజు ఇవ్వమని అడుగుతున్నది. నర్సమ్మ మందు కొలవడం మొదలుపెట్టింది. ఉచ్చారణ తడబడి ఉంటే ఆమె మరొకసారి అడిగేదేమో. అంత శుభ్రంగా పలికినదానిని అనుమానించడం ఎవరికి తోస్తుంది? మాకూ తోచలేదు. బిడ్డ గుడ్డ కోసం ఈమె సంచి తెరిచినప్పుడు అందులో జ్వరం మందు సీసా కనబడింది. మూత చుట్టూ మందు ఇంకా ఆరలేదు. పక్కనే వంటింటి చెంచా ఉన్నది. మేము సీసా చూపి, చెంచా చూపి, గడియారం చూపి అడిగాము. ఆమె గడియారం మీద ఒక గంట వెనుకకు వేలు పెట్టి, రెండు వేళ్లు ఎత్తి, మళ్లీ అదే అన్నది: “ఇమ్ము.”

ఇచ్చాను అని చెప్పాలని ఆమె ఉద్దేశం. గంట క్రితం కొలత లేకుండా రెండు చెంచాలు పోసింది. పాటల్లో ఆమె విన్నది ఇమ్ము అనే అడిగే రూపమే, ఇచ్చాను అన్నది ఆమె చెవిన పడలేదు. ఇందాక అనే మాట కూడా పాటల్లో లేదు, నేడు ఉన్నది. నర్సమ్మ చేతిలోని మందు పక్కన పెట్టి, డాక్టరుగారిని పిలిచింది. జ్వరం మందుకూ మందుకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలని, కొలత బిడ్డ బరువును బట్టి ఉంటుందని, ఇంటి చెంచాతో పోయకూడదని ఆయన చెప్పి, సాయంత్రం వరకు బిడ్డను అక్కడే ఉంచారు. దేవుని కృప వలన హాని జరగలేదు. ఆ సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని మేము మా సలహాను తలంచుకుంటూనే ఉన్నాము.

ఆ తరువాత మా ఇంటి అమ్మగారు ఆమెకు రోజూ అరగంట కేటాయించింది. మేము మళ్లీ పాట దగ్గరకే వెళ్లబోయాము. ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చాడు, ఇచ్చింది అని ఒక రాగంలో పెట్టాము. రెండు రోజుల్లో అప్పజెప్పింది. ఆపి, “మీ అత్త నీకు చీర...?” అని అడిగితే ఆమె పెదవులు మొదటినుండి కదలడం మొదలుపెట్టాయి. ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చాడు అని దాటుకుంటూ వస్తే గాని ఇచ్చింది దొరకదు. రాగం మాటలను ఒక తాడుకు గట్టిగా కట్టి ఉంచుతుంది, అందుకే మరువము. మాట్లాడటానికి మాత్రం ముడి విప్పి ఒక్క పూస తీసి ఇంకొకటి పెట్టాలి. వేదాంత కళాశాలలో నాలుగు చరణాల ఆంగ్ల కీర్తనలు పుస్తకం చూడకుండా పాడే మేము, ఒక అతిథి ఎప్పుడు వచ్చారని అడగలేక నీళ్లు నమిలిన సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

కాబట్టి అమ్మగారు రాగం మానింది. ఆమెకు వచ్చిన పాటలోనుండి ఒకే ఒక క్రియ తీసుకొని, ఇంట్లో ఆ పని చేయిస్తూ మాట మార్పించేది. గ్లాసు ఇవ్వు. అత్తగారితో అయితే ఇవ్వండి. ఇప్పుడు ఏమి చేశావు? ఇచ్చాను. అయ్యగారు ఇచ్చారా? ఇవ్వలేదు. వారానికి రెండు క్రియలు, అంతకంటె లేదు. వచ్చినదో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష పెట్టింది. పాటలోని మాటను నిన్నటి సంగతిగా, మరొకరి గురించి చెప్పమనేది. ఆగి ఆలోచించి తప్పుగానైనా చెబితే నేర్చుకుంటున్నట్టు. తడుముకోకుండా పాటనే తిరిగి అప్పజెబితే ఇంకా రానట్టు. మొదటి నెలంతా అప్పజెప్పడమే. రెండవ నెలలో “అత్త నిన్న చేప ఇచ్చాడు” అన్నది. అత్తగారు నవ్వబోతే అమ్మగారు కళ్లతోనే ఆపింది. చేప నిన్నటిదే, ఇచ్చింది అత్తే, తప్పల్లా క్రియ చివరలోనే.

పాటలు మాత్రం మానలేదు. ఆదివారం మొదటి కీర్తన ఎత్తుకునేది ఇప్పుడు ఆమే. మొన్నటి స్త్రీల కూటంలో ఆ ఆసుపత్రి దినం గురించి సాక్ష్యం చెప్పింది. “నేను మందు ఇచ్చాను. అయ్యగారు సీసా చూశారు. నర్సమ్మ ఇవ్వలేదు,” అన్నది. మూడు చిన్న వాక్యాలు, మూడూ సరిగా ఉన్నాయి. వెనుక వరుసలో అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకున్నది. కూటం అయ్యాక బిడ్డను చంకనెత్తుకొని గుమ్మం దగ్గర మాకు చేతులు జోడించి, “అయ్యగారూ, రేపు మా ఇంటికి నీవు రమ్ము,” అన్నది. వస్తామన్నాము.