మెట్లు అందరివీ

మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయికి ఏడాది బాబు. ఆ వాటాకి బాల్కనీ లేదు. దాంతో మెట్ల రెయిలింగు మీదికి తడి బట్టలు, మలుపులోకి చెప్పుల స్టాండు, పాత సైకిలు వచ్చి చేరాయి. మా మెట్ల వెడల్పే 3 అడుగులు. అందులో స్టాండు 1 అడుగు తినేసింది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు రెయిలింగు పట్టుకోనిదే ఎక్కలేరు. రేపెవరికైనా బాగోలేక కుర్చీలో కూర్చోబెట్టి దించాల్సొస్తే, మోసే ఇద్దరూ ఆ మలుపు తిరగలేరు.

డాబా మీదైతే ట్యాంకు పైపుకే తాడు కట్టింది. తడి దుప్పట్ల బరువుకి పైపు జాయింటు దగ్గర చెమ్మ మొదలైంది.

మావారు వాట్సాప్‌లో మెసేజ్ పెడతానన్నారు. వద్దన్నాను. మెసేజ్‌లో కోపమే కనిపిస్తుంది, గొంతు వినపడదు కదా! నేనే పైకెళ్లి, పైపు దగ్గరి చెమ్మ చూపించాను.

"బాబు బట్టలు రోజుకి రెండుసార్లు ఉతకాలాంటీ. మరెక్కడ ఆరేయను?" అంది.

ఆ మాటా నిజమే. వద్దని చెప్పేవాళ్లు చోటు కూడా చూపించాలి. పిట్టగోడ పక్కన రెండు ఇనప గొట్టాలు పాతించి తీగ కట్టించాం. సైకిలు కింద స్కూటర్ల పక్కకి, చెప్పుల స్టాండు వాళ్ల గుమ్మం లోపలికి, ఆదివారంలోగా మార్చాలనుకున్నాం. శనివారానికే మార్చేసింది.

ఇప్పటికీ వానొస్తే ఒకటో రెండో బాబు చొక్కాలు రెయిలింగు మీదికొస్తాయి. అత్తగారే వాటిని తీసి, మడతపెట్టి, పైకి పిలిచి ఇస్తారు.